రివ్యూలు చదవడం నేర్చుకుందాం - 3వ పాఠం: సగటు దాచిపెట్టేది

పోయిన పాఠంలో ఒక్క రివ్యూని విడిగా తీసుకుని చదివాం. ఈసారి గుంపును చదువుదాం. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

ఒక మిక్సీ పేజీ తెరిచామనుకుందాం. 400 రేటింగులు, సగటు 4.2. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మనం ఆ అంకె మీద నొక్కి కింద గీతలు చూద్దాం. 5 స్టార్లు 268 మంది, 4 స్టార్లు 52, 3 స్టార్లు 16, 2 స్టార్లు 12, 1 స్టార్ 52. అంటే రెండు చివర్లలో జనం, మధ్యలో ఖాళీ. ఇది చూసి మోసం అనుకోకండి. ఆన్‌లైన్ రేటింగులు చాలావరకు ఇలాగే ఉంటాయి. నచ్చుతుందనుకున్నవాళ్లే కొంటారు కాబట్టి పై గీత పొడుగ్గా ఉంటుంది. కొన్నవాళ్లలో కూడా బాగా సంతోషపడినవాళ్లు, బాగా మండిపోయినవాళ్లే రాయడానికి కూర్చుంటారు. 'పర్వాలేదు' అనుకున్నవాళ్లు రాయరు. అందుకే 4.2 అనేది కొన్నవాళ్లందరి అభిప్రాయానికి సగటు కాదు, రాసినవాళ్ల అభిప్రాయానికి సగటు.

ఇప్పుడు 1 స్టార్ రివ్యూలకు వెళ్దాం. 52లో మాటలు రాసినవాళ్లు 30 మంది. కాగితం మీద మూడు గడులు గీసి ఒక్కొక్కటి ఏ గడిలోకి వస్తుందో గీత పెట్టండి. డబ్బా చిరిగింది, నాలుగు రోజులు ఆలస్యమైంది అన్నవి 11. ఇవి డెలివరీ మీద కోపం, మిక్సీ గురించి ఏమీ చెప్పవు. జార్ కూర్చునే కప్లర్ అరిగిపోయిందన్నవి 14. మిగతావి 5. ఆ 14 మంది ఒకరినొకరు ఎరగరు, ఒకే మాట వాడలేదు. ఒకరు 'పచ్చడి రుబ్బుతుంటే రబ్బరు కాలిన వాసన' అన్నారు, ఇంకొకరు 'జార్ తిరగట్లేదు, మోటారు మాత్రం మోగుతోంది' అన్నారు. మాటలు వేరు, చెడిపోయిన చోటు ఒకటే. నేను ఎక్కువగా నమ్మేది ఇలాంటి సాక్ష్యాన్నే.

ఇక అసలు కిటుకు. ఆ 14 మందీ ఎన్నాళ్లు వాడాక రాశారో చూడండి: మూడు నెలలు, నాలుగు, అయిదు. తర్వాత 5 స్టార్ల వాళ్లవి ఓ ఇరవై చదవండి: 'ఈ రోజే వచ్చింది, ప్యాకింగ్ సూపర్', 'కలర్ బాగుంది'. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు. కానీ మొదటి రోజు రాసినవాళ్లు ఎంతమంది ఉన్నా, నెలల తర్వాత రాసిన 14 మందిని కాదనలేరు. రెండు గుంపులూ మాట్లాడుతున్నది వేర్వేరు రోజుల గురించి.

ఒక హద్దు మర్చిపోవద్దు. 14ని 400తో భాగించి 'ఇంత శాతం పాడవుతాయి' అనకూడదు. ఎన్ని అమ్ముడయ్యాయో, ఎంతమంది ఊరుకున్నారో మనకు తెలియదు. ఏది పాడవుతుందో తెలిసింది, ఎన్ని పాడవుతాయో తెలియలేదు. కాబట్టి కొనే ముందు అడగాల్సిన ప్రశ్న: వారంటీలో కప్లర్ ఉందా, లేక మోటారుకు మాత్రమేనా?

మరి దొంగ రివ్యూల సంగతి? దీనికి హోటళ్ల మీద 2014లో అచ్చయిన ఒక పరిశోధన నాకు ఎంతో ఇష్టం. మేజ్‌లిన్, డోవర్, షెవలియర్ అనే ముగ్గురు ఒకే హోటల్‌కు రెండు సైట్లలో వచ్చిన రివ్యూలను పక్కపక్కన పెట్టారు. ట్రిప్‌అడ్వైజర్‌లో ఎవరైనా రాయొచ్చు. ఎక్స్‌పీడియాలో అక్కడ రూమ్ బుక్ చేసుకున్నవాళ్లే రాయాలి. పక్కనే పోటీ హోటల్ ఉన్నచోట ట్రిప్‌అడ్వైజర్‌లో చెడ్డ రివ్యూలు, ఎక్స్‌పీడియాతో పోలిస్తే, ఎక్కువగా కనిపించాయి. ఆ పక్క హోటల్ చిన్న యజమాని సొంతంగా నడుపుతున్నదైతే తేడా ఇంకా పెరిగింది. రివ్యూ రాయడానికి డబ్బు ఖర్చవుతుందంటే అబద్ధం తగ్గుతుందన్నమాట.

'వెరిఫైడ్ పర్చేజ్' గుర్తుకు విలువ అందుకే. అయితే అది చెప్పేది కొన్నారని మాత్రమే. డబ్బాలో 'అయిదు స్టార్లు ఇచ్చి స్క్రీన్‌షాట్ పంపితే 100 రూపాయలు' అన్న కార్డు పెడితే, ఆ గుర్తు ఉన్నా మాట అమ్ముడుపోయినట్టే. 1 స్టార్ రివ్యూల్లో ఆ కార్డు ప్రస్తావన వస్తే పై గీతను పక్కన పెట్టేయండి.

ఈ వారం అభ్యాసం: మీ ఇంట్లో ఆర్నెల్లకు పైగా వాడుతున్న వస్తువు పేజీ ఒకటి తెరవండి. 1 స్టార్ రివ్యూలు ముప్పయి, పైన చేసినట్టే గడుల్లో వేయండి. తర్వాత మీ వస్తువులో నిజంగా వచ్చిన ఇబ్బంది ఏ గడిలో పడిందో చూసుకోండి. ఆ కాగితం దాచి ఉంచండి. 4వ పాఠంలో దానికే తేదీలు రాసుకుని, ఒకే వారంలో గుంపుగా వచ్చిన రివ్యూలను పట్టుకుందాం.