24 నెలల వారంటీ మూడు రోజుల ముందే అయిపోయినట్టు చూపిస్తోందా? సమస్య - పరిష్కారం

సమస్య: వస్తువు నెలాఖరులో కొన్నారు. వారంటీ కొన్న తేదీ నుంచి 24 నెలలు. షాపు వాళ్ల ఎక్సెల్ రిజిస్టర్లో మాత్రం గడువు ఒక రోజో, మూడు రోజులో ముందే ముగిసినట్టు వస్తోంది.

గుంటూరులో, విజయవాడలో ఇన్వర్టర్ బ్యాటరీలు అమ్మే షాపులకు ఇలాంటి రిజిస్టర్లు చాలా ఏళ్లుగా సరిచేస్తున్నాను. ఫోన్ రాగానే నేను అడిగేది ఒకటే: "బిల్లు తీసి తేదీ చదవండి, వారంటీ కార్డు మీద ఏం రాసుందో అదీ చదవండి." పదిమందిలో తొమ్మిదిమంది ఈ రెండూ చూడకుండానే ఫార్ములా మీద పడతారు. కార్డు మీద "24 నెలలు" అని ఉందా, "730 రోజులు" అని ఉందా? కొన్న తేదీ నుంచా, బిగించిన తేదీ నుంచా? ఇవి తేలకుండా కంప్యూటర్ ముట్టుకుని లాభం లేదు.

కార్డు మీద కొన్న తేదీ నుంచి 24 నెలలు అనే ఉంటే సరైన జవాబు కాగితం లేకుండానే చెప్పొచ్చు. 24 నెలలంటే రెండేళ్లు, మళ్లీ అదే నెలకు వస్తాం. ఆగస్టు 31న కొంటే రెండేళ్ల తర్వాతి ఆగస్టులోనూ 31 ఉంటుంది. కాబట్టి కొన్న తేదీ, ముగిసే తేదీ ఒకటే అంకె కావాలి. దీనికి మినహాయింపు ఫిబ్రవరి 29 ఒక్కటే. రిజిస్టర్లో అంకె మారిందంటే తప్పు లెక్కలోనే ఉంది. 30 రోజుల నెలలు, 31 రోజుల నెలలు అంటూ వాదించాల్సిన పని లేదు.

అసలు కారణం: గడువును మెట్లు మెట్లుగా లెక్కించడం

ఇది నన్ను బాగా దెబ్బతీసింది కాబట్టి వివరంగా చెబుతాను. అరండల్‌పేటలో ఒక షాపుకు రిజిస్టర్ నేనే తయారుచేసి ఇచ్చాను. బ్యాటరీకి ఆరు నెలలకోసారి ఉచిత సర్వీసు, నాలుగో సర్వీసు రోజుతోనే వారంటీ ముగింపు. B గడిలో కొన్న తేదీ, C నుంచి F వరకు నాలుగు సర్వీసు తేదీలు. తేదీకి నెలలు కలిపే EDATE ఫార్ములాతో ప్రతి గడికీ దాని ముందు గడిని ఆధారం చేశాను:

```
C2: =EDATE(B2,6)
D2: =EDATE(C2,6)
E2: =EDATE(D2,6)
F2: =EDATE(E2,6)
```

చూడటానికి ఇందులో తప్పేమీ కనపడదు. 2025 ఆగస్టు 29న నల్లపాడు నుంచి ఒకాయన పనిచేయని బ్యాటరీని ఆటోలో వేసుకుని షాపుకు వచ్చారు. "నిన్నటితో వారంటీ అయిపోయిందండీ" అన్నారు షాపాయన. "ఆగస్టు 31న కొన్నానండీ, ఇవాళ ఇంకా 29 కదా, రెండేళ్లు ఎలా దాటింది?" అని ఆయన బిల్లు చూపించారు. ఆయన మాటే నిజం. తప్పు నా ఫార్ములాది.

ఆ తేదీనే మెట్టు మెట్టుగా చూడండి. 2023 ఆగస్టు 31కి ఆరు నెలలు కలిపితే ఫిబ్రవరిలో 31 లేదు, అందుకని EDATE ఆ నెల చివరి రోజుకు తగ్గిస్తుంది: 2024 ఫిబ్రవరి 29. అక్కడిదాకా సరే. తర్వాతి గడికి అసలు తేదీ 31 అని తెలియదు, దాని ముందున్నది 29 మాత్రమే. కాబట్టి 2024 ఆగస్టు 29 వస్తుంది. ఆ తర్వాత 2025 ఫిబ్రవరి 28. చివరికి 2025 ఆగస్టు 28. ఒకసారి తగ్గిన అంకె మళ్లీ పెరగదు. కొన్నవాళ్లకు మూడు రోజులు పోయాయి.

మరి ముందే ఎందుకు పట్టుకోలేదు? ఇవ్వబోయే ముందు జనవరి 31తో పరీక్షించాను, సరిగ్గానే వచ్చింది. జనవరికి ఆరు నెలలు కలిపితే జూలై, జూలైకి కలిపితే జనవరి. రెండింట్లోనూ 31 ఉంది, తగ్గాల్సిన అవసరమే రాలేదు. మార్చి 31తో చూసుంటే సెప్టెంబరు 30 మీదుగా మార్చి 30కి వచ్చి దొరికిపోయేది. మే, అక్టోబరు, డిసెంబరు 31లకూ అంతే, ఒక రోజు పోతుంది. ఆగస్టు 29, 30, 31 మాత్రం ఫిబ్రవరి మీదుగా వెళ్తాయి, వాటికి వరుసగా ఒకటి, రెండు, మూడు రోజులు పోతాయి. మీరు పరీక్షించేటప్పుడు ఆగస్టు 31నే వాడండి.

పరిష్కారం: ప్రతి తేదీనీ కొన్న తేదీ నుంచే లెక్కించండి.

```
C2: =EDATE($B2,6)
D2: =EDATE($B2,12)
E2: =EDATE($B2,18)
F2: =EDATE($B2,24)
```

ఇప్పుడు మధ్యలో ఫిబ్రవరి 29, 28 వచ్చినా చివర 2025 ఆగస్టు 31 వస్తుంది. గడిలో తేదీకి బదులు 45900 అని కనిపిస్తే కంగారు పడకండి, అది అదే తేదీ. గడి ఫార్మాట్‌ను తేదీగా మార్చండి చాలు.

ఫార్ములా మార్చి ఊరుకోవద్దు. పాత వరుసల్లో తేదీలను విలువలుగా అతికించి ఉంటే అవి మారవు. పక్కన ఖాళీ గడిలో `=F2=EDATE(B2,24)` పెట్టి కిందికి లాగండి. FALSE వచ్చిన ప్రతి వరుసా తప్పే. వాటిలో ఇప్పటికే "వారంటీ లేదు" అని తిప్పి పంపినవాళ్లుంటే వాళ్లకు ఫోన్ చేయండి. ఆ షాపులో అలాంటివాళ్లు ఇంకో ఇద్దరు తేలారు. నల్లపాడు ఆయన ఫిర్యాదు మాత్రం అదే రోజు రాయించగలిగాం.

ఒక్క రోజే తగ్గితే

`=B2+730` అని రాసి ఉందేమో చూడండి. 2023 ఆగస్టు 31 నుంచి రెండేళ్లలో 2024 ఫిబ్రవరి 29 ఉంది కాబట్టి 731 రోజులు పడతాయి, 730 కలిపితే ఆగస్టు 30తో ఆగిపోతుంది. 2024 మార్చి 1 నుంచి 2026 ఫిబ్రవరి 28 వరకు కొన్నవాటికి లీపు రోజు అడ్డు రాదు, అందుకే ఈ తప్పు బయటపడదు. 2026 మార్చి 1 నుంచి కొన్నవాటికి 2028 ఫిబ్రవరి 29 వల్ల మళ్లీ మొదలవుతుంది. నెలలను రోజులుగా మార్చి లెక్కించకూడదని 2010లో ఒక మధ్యవర్తిత్వ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది: మూడు నెలలంటే 90 రోజులు కాదు, మూడో నెలలో అదే తేదీ వరకు.

కార్డు మీదే ముగింపు తేదీ అచ్చువేసి, అది ఒక రోజు ముందుగా ఉంటే కొన్న రోజును కూడా మొదటి రోజుగా లెక్కపెట్టారన్నమాట. తేదీ అలా స్పష్టంగా రాసి ఉంటే దాన్నే పట్టుకోవాల్సి వస్తుంది, ఫార్ములాతో వాదించలేం.

ఫిబ్రవరి 29న కొన్నవి తక్కువే. 2024 ఫిబ్రవరి 29కి EDATE 2026 ఫిబ్రవరి 28 ఇస్తుంది. కొన్ని బిల్లింగ్ ప్రోగ్రాములు మార్చి 1 చూపిస్తాయి. షాపు తరఫున నేను 28 అనే రాసుకుంటాను, కొన్నవాళ్లు 28 దాటకుండా వెళ్లడం మంచిది. రోజు, నెల తారుమారు కావడం లాంటివి బిల్లు పక్కన పెట్టుకుంటే నిమిషంలో దొరుకుతాయి.

చివరి రోజు ఆదివారమైతే, 2025 ఆగస్టు 31 ఆదివారమే, షాపు మూసి ఉందని సోమవారానికి వాయిదా వేయకండి. ఆ రోజే కంపెనీ నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, వాళ్లిచ్చిన నంబరు, తేదీ ఉన్న మెసేజ్‌ను దాచుకుని సోమవారం బ్యాటరీతో షాపుకు వెళ్లండి.