పెళ్లిళ్ల సీజన్‌కు ముందు ఎల్‌ఈడీ మాస్కు: మంగు ఉన్నవాళ్లు నీలం బటన్ నొక్కకండి

ఉగాది దాటిందంటే వరంగల్‌లో ఎండలు, పెళ్లిళ్లు కలిసే వస్తాయి. హనుమకొండలో నేను లైట్ మిషన్లు నడిపే స్కిన్ క్లినిక్‌కు ఆ రోజుల్లో వచ్చే పెళ్లికూతుళ్లలో కొందరు ఈ మధ్య చేతిలో ఒక డబ్బా కూడా పట్టుకొస్తున్నారు. ఆన్‌లైన్‌లో కొన్న ఏడు రంగుల ఎల్‌ఈడీ మాస్కు. "దీన్ని పెట్టుకోవచ్చా" అని ముందే అడిగేవాళ్లు తక్కువ. పెట్టుకున్నాక వచ్చేవాళ్లే ఎక్కువ.

పోయిన ఏడాది పరకాల వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పెళ్లికి ఇంకా నాలుగు వారాలుంది. గడ్డం మీద మొటిమలు, రెండు చెంపల మీద లేతగా మంగు. మొటిమలకు నీలం లైటు మంచిదని ఎక్కడో విని, మూడు వారాలు రోజూ పెట్టుకుంది. మొటిమలు కొంచెం తగ్గిన మాట నిజమే. కానీ చెంపల మీది మంగు ముదిరి, దూరం నుంచే కనబడుతోంది.

"ఎండకు తిరిగినవా బిడ్డా?" అని అడిగిన.

"లేదక్కా, పెళ్లని మా అమ్మ గడప దాటనిస్తలేదు."

"మరి ఆ లైటు ఎంతసేపు పెట్టినవ్?"

"పది నిమిషాలని రాసుంది. జల్ది తగ్గాలని అరగంట పెట్టిన."

డాక్టర్‌గారు చూసి, మొదటి అనుమానం ఆ నీలం లైటు మీదే అన్నారు. దాని వెనుక కారణం ఉంది. మన చామనఛాయ చర్మంలో రంగునిచ్చే కణాలు ఊదా, నీలం కాంతికి త్వరగా స్పందిస్తాయి. 2014లో అచ్చైన ఒక అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ల చర్మం మీద 415 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న నీలి ఊదా కాంతిని, 630 నానోమీటర్ల ఎరుపు కాంతిని వేసి పోల్చారు. ఎరుపు వేసిన చోట నలుపు రాలేదు. నీలి ఊదా వేసిన చోట వచ్చిన నలుపు కొందరిలో మూడు నెలల దాకా పోలేదు. మోతాదు పెరిగేకొద్దీ నలుపూ పెరిగింది. మొటిమల మాస్కుల్లో నీలం లైటు సాధారణంగా ఈ 415 దగ్గరిదే.

మోతాదు అంటే ఏమిటో ఆ అమ్మాయి లెక్కతోనే చూద్దాం. డబ్బా మీద చదరపు సెంటీమీటరుకు 30 మిల్లీవాట్లు అని ఉందనుకోండి. పది నిమిషాలంటే 600 సెకన్లు. 30ని 600తో గుణించి వెయ్యితో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు 18 జౌల్స్ కాంతిశక్తి. అరగంట పెడితే అదే 54 జౌల్స్. అంటే తయారీదారు చెప్పిన రోజు మోతాదుకు మూడింతలు, అదీ ఇరవై ఒక్క రోజులు. లైటు వైద్యంలో ఎక్కువ పెడితే ఎక్కువ ఫలితం రాదు. ఒక హద్దు దాటాక మేలు తగ్గిపోతుంది, వేడి మాత్రం పెరుగుతుంది. వేడికి కూడా మంగు ముదురుతుంది కాబట్టి, ఎరుపు లైటే కదా అని మాస్కు పెట్టుకుని నిద్రపోవద్దు. డబ్బా మీద నానోమీటర్లు, మిల్లీవాట్లు రెండూ లేకపోతే ఈ లెక్క చేసే వీలే లేదు. అలాంటి మాస్కును నేనైతే ముఖానికి పెట్టనివ్వను.

మరి ఫలితం లేదా అంటే, ఉంది, కొంత. ఎర్రగా ఉబ్బిన చిన్న, మధ్యరకం మొటిమలకు నీలం, ఎరుపు కలిపి వాడితే తగ్గినట్టు అధ్యయనాలున్నాయి. అయితే చాలావరకు కొద్దిమంది మీద చేసినవే. మొటిమలకు లైటు చికిత్సల మీద 2016లో వచ్చిన కోక్రేన్ సమీక్ష, గట్టి ఆధారాలు తక్కువనే తేల్చింది. సన్నటి ముడతలకు 633 దగ్గరి ఎరుపు, 830 దగ్గరి కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కొంత పనిచేస్తాయి, కానీ తేడా కనబడాలంటే రెండు మూడు నెలలు పడుతుంది. పెళ్లి నాలుగు వారాల్లో పెట్టుకుని మొదలుపెట్టి లాభం లేదు. గుంటలు పడ్డ మచ్చలను ఈ మాస్కు పూడ్చదు. 'ఎఫ్‌డీఏ రిజిస్టర్డ్' అన్న ముద్ర చూసి కూడా మోసపోకండి. అది అమెరికా మందుల నియంత్రణ సంస్థ జాబితాలో కంపెనీ పేరు ఉందనే చెబుతుంది, మాస్కు పనిచేస్తుందని కాదు.

కళ్ల విషయంలో మాత్రం నాకు నిజంగా భయం. 2019 జులైలో న్యూట్రోజీనా తన మొటిమల లైట్ మాస్కును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. కొన్ని కంటి జబ్బులున్నవాళ్లకు, కాంతికి సున్నితం చేసే మందులు వాడేవాళ్లకు కంటికి హాని జరగొచ్చన్నది కారణం. ఆ జబ్బుల్లో ఒకటి, రేచీకటితో మొదలై చూపును తగ్గించే రెటినైటిస్ పిగ్మెంటోసా. మన దగ్గర మేనరికాలు ఎక్కువ, వంశంలో వచ్చే ఈ జబ్బుకు అది తోడవుతుంది. అందుకే మాస్కు కొనేముందు ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, పొద్దుగూకితే చూపు ఆనని రేచీకటి ఎవరికైనా ఉండేదా అని. ఉంటే కంటి డాక్టర్ సరే అనేదాకా మాస్కు వద్దు. షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్నవాళ్లకూ అంతే. మిగతావాళ్లు కూడా కళ్లకు కాంతి దూరని కప్పులు పెట్టుకోవాలి. కళ్లు మూసుకుంటే చాలదు, రెప్పల్లోంచి వెలుతురు లోపలికి పోతుంది.

మందుల సంగతి. ఆ పరకాల అమ్మాయి మొటిమలకు డాక్సీసైక్లిన్ గోలీలు కూడా వేసుకుంటోంది. మాకు చెప్పలేదు, మేం అడిగితే బ్యాగులోంచి తీసింది. డాక్సీసైక్లిన్, ఐసోట్రెటినాయిన్, కీళ్లవాతానికి, కాంతి తగిలితే ముదిరే లూపస్ జబ్బుకు ఇచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్, ఇలాంటివి నడుస్తుంటే డాక్టర్‌ను అడగకుండా లైటు పెట్టుకోవద్దు. లూపస్ ఉన్నవాళ్లు అసలే వద్దు.

ఇవేవీ లేకపోతే ఎరుపు లైటుతో, చెవి కింద దవడ పక్కన ఒక చిన్న భాగం మీద మొదలుపెట్టండి. మిగతా ముఖాన్ని నల్లగుడ్డతో కప్పి, రాసినదాంట్లో సగం సమయం, రోజు విడిచి రోజు, వారం పాటు. ఆ తర్వాత మరో వారం ఆగి చూడండి, ఎందుకంటే నలుపు ఆలస్యంగా బయటపడుతుంది. మొదలుపెట్టే రోజు పగటి వెలుతురులో ఒక ఫొటో తీసి ఉంచుకుంటే పోల్చుకోవచ్చు. పగలు బయటికి వెళ్తే, మంగు ఉన్నవాళ్లు ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్ వాడాలి. మామూలు సన్‌స్క్రీన్ నీలి కాంతిని పెద్దగా ఆపదు.

వెంట్రుకలు తీసే ఐపీఎల్ మిషన్ గురించి కూడా ఒక మాట. అది మెరుపులాంటి కాంతితో వెంట్రుకలోని నలుపును వేడిచేసి పనిచేస్తుంది. చర్మం నల్లగా ఉంటే ఆ వేడి చర్మానికే తగులుతుంది. డబ్బా మీది రంగు పట్టీలో మీ చర్మం 'వద్దు' అన్న వైపుకు వస్తే, లేదా మిషన్ తనంతట తాను వెలగకపోతే, ఎలాగోలా వెలిగించే ఉపాయాలు వెతకొద్దు. పచ్చబొట్టు మీద, పుట్టుమచ్చల మీద, కనుబొమ్మల దగ్గర ఎప్పుడూ వేయొద్దు. పచ్చబొట్టు మీద వేస్తే బొబ్బలెక్కుతుంది.

కొత్తగా నలుపు కనబడినా, చర్మం మీది ఎరుపు మర్నాటికీ తగ్గకపోయినా, చూపులో మచ్చలు తిరిగినా వెంటనే ఆపేయండి. చూపు తేడాగా ఉంటే అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి. చర్మానికైతే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఓపీ ఉంది, లేదా మీకు నమ్మకమున్న చర్మ డాక్టర్. వెళ్లేటప్పుడు మాస్కు డబ్బా, వేసుకునే గోలీల పట్టీలు, ముఖానికి రాసే ప్రతి క్రీము ట్యూబు ఒక కవర్లో వేసుకుని పోండి. పరకాల అమ్మాయి అవన్నీ తెచ్చింది కాబట్టే కారణం మొదటి రోజే దొరికింది. పెళ్లిలో మేకప్‌తో సర్దుకుంది. మంగు మళ్లీ లేతబడటానికి మాత్రం దసరా దాకా పట్టింది.