మెక్సికోకు కొత్తగా వచ్చినవారికి: "మేమంతా మెస్తీసోలమే" అన్న మాటను ఎలా వినాలి

నివాస కార్డు, బ్యాంకు ఖాతా వంటివి మీ కంపెనీవాళ్లే చూసుకుంటారు కనుక వాటి జోలికి పోవడం లేదు. గ్వాదలహారాకు ఉద్యోగాలకు వచ్చే మన పిల్లలు మొదటి నెలలోనే నమ్మేసే ఒక మాట గురించి మాత్రం చెప్పి తీరాలి. "మేమంతా మెస్తీసోలమే" అన్నదే ఆ మాట. మెస్తీసో అంటే స్పానిష్‌వారి రక్తమూ, వారి రాకకు ముందునుంచీ ఇక్కడ ఉన్న స్థానికుల రక్తమూ కలిసిన మనిషి. మొన్న ఒక తమ్ముడు ఆఫీసు భోజనాల దగ్గర, "మీ దేశంలో అందరూ కలిసిపోయారట, జాతి భేదమే లేదట" అని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు. ఎదురుగా ఉన్న సహోద్యోగిది వహాకా రాష్ట్రం. వాళ్లమ్మ భాష మిష్తెక్ అనే స్థానిక భాష. చిన్నప్పుడు బడిలో ఆ భాష మాట్లాడినందుకు దెబ్బలు తిన్న మనిషి కావడంతో ఆమె కొడుక్కు దాన్ని నేర్పనే లేదు. అతను మారు మాట్లాడకుండా పళ్లెం తీసుకుని లేచిపోయాడు.

స్పానిష్, స్థానిక రక్తాల కలయికే మెక్సికో జాతి అన్న భావనను 1910 విప్లవం తర్వాత ప్రభుత్వమే పెంచి పోషించింది. విద్యామంత్రిగా పనిచేసిన హొసే వాస్కొన్‌సేలోస్ 1925లో ఈ కలయికను మానవాళి భవిష్యత్తుగా కీర్తించారు. మెక్సికో నగరంలోని త్లతెలోల్కో కూడలికి వెళ్తే ఒక శిలాఫలకం చూడండి. 1521లో స్పెయిన్ సేనలతో స్థానిక అస్తెకుల చివరి పోరాటం ముగిసిన చోటు అది. జరిగినది విజయమూ కాదు, ఓటమీ కాదు, నేటి మెక్సికో అయిన మెస్తీసో ప్రజల బాధాకరమైన జననం అని దాని మీద చెక్కారు. ఓడినవారి వారసులు ఇంకా బతికే ఉన్నారు, వారి భాషలూ ఉన్నాయి, కానీ ఆ వాక్యంలో వారికి వేరుగా చోటు లేదు.

లెక్కల్లోనూ అదే జరిగింది. 1921 జనాభా లెక్కల్లో జాతి అడిగారు. సుమారు 59 శాతం మిశ్రమ జాతిగా, 29 శాతం స్థానికులుగా నమోదయ్యారు. 1930లో ఆ ప్రశ్ననే తీసేశారు. ఆ తర్వాత చాలా దశాబ్దాల పాటు స్థానిక భాష మాట్లాడేవారినే స్థానికులుగా లెక్కించారు కాబట్టి, భాష వదిలినవాడు కాగితం మీద మెస్తీసో అయిపోయాడు, అతని పేదరికం మాత్రం అతనితోనే ఉండిపోయింది. ఆఫ్రికా మూలాలవారి పరిస్థితి ఇంకా అన్యాయం. జాతీయ జనాభా లెక్కల్లో వారిని నేరుగా అడిగింది 2020లోనే. 25 లక్షల మందికి పైగా తాము ఆ మూలాలవారమని చెప్పుకున్నారు.

పైగా ఈ కలయికలోకి ఎవరిని రానివ్వాలన్నది ముందే తేల్చుకున్నారు. 1923లో సోనోరా రాష్ట్రం చైనా పురుషులతో మెక్సికన్ స్త్రీల పెళ్లిళ్లను చట్టంతో నిషేధించింది. 1933 నాటి ఒక రహస్య ఉత్తర్వు దేశంలోకి రానివ్వకూడని జాతుల్లో భారతీయులనూ చేర్చింది. మనం ఇది తెలుసుకునే ఇక్కడ అడుగుపెట్టాలి.

2016లో ప్రభుత్వ గణాంక సంస్థ 25 నుంచి 64 ఏళ్లవారికి పదకొండు చర్మపు రంగుల పట్టీ ఇచ్చి, తమ ముఖం ఏ రంగుకు దగ్గరో వారినే చూపించమంది. ఫలితాల్లో రంగు ముదిరేకొద్దీ చదువు తగ్గింది. అధికారుల ఉద్యోగాల్లో లేత రంగువారి వాటా ఎక్కువగా తేలింది. దీని మీద పెద్ద దుమారం రేగింది. రంగు ఒక్కటే కారణమని ఈ సర్వే రుజువు చేయదు. తల్లిదండ్రుల ఆస్తి, పుట్టిన ప్రాంతం కూడా దానితో పెనవేసుకునే ఉంటాయి. అయినా, భేదం లేదన్న మాట ఆ అంకెల ముందు నిలవదు.

అద్దె ఇల్లు వెతికేటప్పుడు ఇది మీకే అనుభవమవుతుంది. ఇక్కడ చాలామంది యజమానులు అదే ఊళ్లో సొంత ఆస్తి ఉన్న హామీదారుణ్ణి అడుగుతారు. అతణ్ణి అవాల్ అంటారు. నా మొదటి నెలల్లో ఒక ఇంటి యజమాని నన్ను చూడగానే ఇల్లు వెళ్లిపోయిందన్నాడు. అదే సాయంత్రం తెల్లగా ఉండే మెక్సికన్ మిత్రుడు వెళ్తే గదులన్నీ చూపించాడు. కారణం రంగో, పరాయితనమో, అవాల్ లేకపోవడమో ఎవరూ చెప్పరు. అంతా మెస్తీసోలమే అన్న చోట, రంగు చూశారా అని అడిగినవాడే తప్పు చేసినట్టవుతాడు. అందుకే హామీదారుకు బదులు, డబ్బు కట్టి తీసుకునే చట్టపరమైన పాలసీని ఒప్పుకునే ఇళ్లే ముందుగా చూడండి. ఉద్యోగ ప్రకటనల్లో "మంచి రూపం ఉండాలి" అని కనిపిస్తే, ఆ మాట వెనుక చాలాసార్లు రంగే ఉంటుందని గుర్తించండి. సంతలో మిమ్మల్ని "గ్వెరో" అని పిలిస్తే పొంగిపోకండి. తెల్లనివాడా అని అర్థం వచ్చే ఆ పిలుపు ఏ కొనుగోలుదారుకైనా మర్యాదే. ఏ రంగు మర్యాద అయిందో గమనిస్తే చాలు. దయచేసి మీ సహోద్యోగులను ఏ జాతి అని అడగకండి. ఏ ఊరు, ఇంట్లో ఏ భాష అని అడిగితే చెప్పాలనుకున్నవారు తామే చెబుతారు.

ఇంత చెప్పాక ఒక్క మాట ఒప్పుకోవాలి. ఇక్కడ మిమ్మల్ని ఇంటికి పిలిచి అన్నం పెట్టేవారు చాలామందే దొరుకుతారు, వారి ఆప్యాయతలో నటన ఉండదు. ఆ తమ్ముడూ కుదురుకుంటాడు. వహాకా మిత్రుడు మొన్న అతణ్ణి మళ్లీ భోజనానికి పిలిచాడట.