వేప పూత తేనె తీసే ముందు: ఒళ్ళంతా దద్దుర్లొస్తే ఆగి చూడొద్దు

ఈమధ్య మా పక్క ఊళ్ళో ఒకావిడకి తేనెటీగ కుట్టింది. ఇంట్లో తేనెటీగల పెట్టెలున్నాయి, వాటిని చూసుకునేది భర్త. ఆవిడ వాటి పక్క నుంచి గేదెకి కుడితి తీసుకెళ్తోంది, అంతే. మెడ మీద ఒక్కటి కుట్టింది. ఇంట్లోవాళ్ళు సున్నం రాశారు. కాసేపటికి అరచేతులు దురద, ఆ తర్వాత ఒళ్ళంతా దద్దుర్లు, గొంతు బొంగురు. పోయినేడు కూడా ఇలాగే దద్దుర్లొచ్చి వాటంతటవే తగ్గాయట. ఆ ధైర్యంతో "కాసేపు చూద్దాం" అన్నారు. చూసీ చూసీ ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే ఏవిల్ ఇంజెక్షన్ చేసి పెద్దాసుపత్రికి పొమ్మన్నాడు. బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని బయల్దేరారు. దారిలోనే తల వాల్చేసింది. ప్రాణం దక్కింది గానీ, ఐసీయూకి అయిన ఖర్చు వాళ్ళ పెట్టెలన్నీ కొన్న ఖర్చుని దాటిపోయింది.

వేప పూత వచ్చేసింది, వెనకే కానుగ. పెట్టెలున్న ప్రతివాళ్ళూ తేనె తీసే రోజులివి. ముఖానికి జాలి కట్టుకోండి, పొగ పెట్టండి అని మీకు ఎవరైనా చెబుతారు. నేను చెప్పదలచుకుంది ఆ "కాసేపు చూద్దాం" గురించి.

కుట్టిన చోట వాచడం, ఒక చెయ్యంతా రెండు రోజులు ఉబ్బి ఉండడం మామూలే. దానికి చన్నీళ్ళ గుడ్డ చాలు. కుట్టిన చోటుకి దూరంగా ఏం జరిగినా అది వేరే సంగతి. కాలికి కుడితే మొహం వాచడం, ఒళ్ళంతా దద్దుర్లు, గొంతు బిగుసుకోవడం, ఊపిరి పీల్చేటప్పుడు పిల్లికూత, వాంతి, కళ్ళు తిరగడం... వీటిలో ఏది కనబడినా విషం ఒంటినంతా కదిలించిందని అర్థం. అప్పుడు పనిచేసే మందు అడ్రినలిన్. పెద్దవాళ్ళకి అర మిల్లీలీటరు, తొడ బయటి వైపు కండలోకి చేస్తారు. ఏవిల్ దురదని తగ్గిస్తుంది, మూసుకుపోతున్న గొంతుని తెరవదు, పడిపోతున్న బీపీని లేపదు. పైగా దద్దుర్లు తగ్గేసరికి నయమైందని భ్రమపడి ఇంకో అరగంట ఆగుతారు. ఆగి చూడొద్దు.

బైకు సంగతి కూడా చెప్పాలి. బీపీ పడిపోతున్న మనిషిని నిటారుగా కూర్చోబెడితే గుండెకి రక్తం చేరదు. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి ఉంచాలి. ఆయాసంగా ఉంటే కాళ్ళు చాపించి, వీపుకి ఆనుడిచ్చి కూర్చోబెట్టొచ్చు. నడిపించకూడదు, లేపి నిలబెట్టకూడదు. 108కి చేయండి. అది ఆలస్యమయ్యేట్టుంటే వెనక సీట్లో పడుకోబెట్టగలిగే కారో ఆటోనో చూడండి. తేరుకున్నాక కూడా వెంటనే ఇంటికి తెచ్చేయొద్దు. కొన్ని గంటల తర్వాత మళ్ళీ తిరగబెట్టడం ఉంది.

చాలామందికి తెలియని ముక్క ఇంకోటుంది. రోజూ కుట్టించుకునే యజమానికన్నా, ఎప్పుడో ఒకసారి కుట్టించుకునే ఇంట్లోవాళ్ళకే ఎక్కువ ప్రమాదం. అందుకే "మా ఇంట్లో అందరికీ అలవాటే" అన్న మాట నేను నమ్మను. ఒకసారి దద్దుర్లు వచ్చినవాళ్ళు రెండోసారి కుట్టేదాకా కాకుండా ముందే అలర్జీ డాక్టరుకి చూపించుకోవాలి. బీపీకి అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి మాత్రలు వాడేవాళ్ళయితే ఆ సంగతీ చెప్పాలి. ఆ మాత్రలుంటే అడ్రినలిన్ సరిగ్గా పనిచేయకపోవచ్చు. మీ అంతట మీరు మాత్ర మానేయడం మాత్రం వద్దు.

ఇక డబ్బు. జాగ్రత్తలన్నీ కొట్టుకుపోయేది ఇక్కడే. పుట్టతేనెటీగల పెట్టె, ఈగలతో సహా, నాలుగైదు వేలు అనుకుందాం. ఐదు పెట్టెలకి పాతిక వేల లోపు. స్టాండ్లు, పొగడబ్బా, చేతితో తిప్పే తేనె యంత్రం కలిపితే ఇంకో ఐదారు వేలు. ఒకే చోట ఉంచితే పెట్టెకి ఏడాదికి ఆరు కిలోలు పడినా మొత్తం 30 కిలోలు. తెలిసినవాళ్ళకి కిలో 500 చొప్పున అమ్మితే 15 వేలు. అంటే మొదటి ఏడు పెట్టుబడి తిరిగి రాదు. ఆ లెక్క చూసుకుని మనవాళ్ళు ముందు కోసేసేది జాలి టోపీనీ గ్లవుజుల్నీ. టోపీ ఒక్కటే కొంటారు, అదీ యజమానికే. యంత్రం పక్క ఊరివాళ్ళతో కలిసి వాడుకోండి, టోపీలు మాత్రం రెండు కొనండి. రెండోది పక్కన నిలబడే మనిషికి.

వ్యాపారి రేపొస్తానన్నాడని సాయంత్రం పెట్టె తెరవడం ఇంకో జబ్బు. సాయంత్రం, మబ్బు పట్టినప్పుడు, వాన ముందు, మేతకెళ్ళే ఈగలన్నీ పెట్టెలోనే ఉంటాయి, చిరాగ్గా ఉంటాయి. ఎండాకాలం పొద్దున ఏడు, తొమ్మిది మధ్య తెరవండి. మైనపు మూత వెయ్యని గదులు ఎక్కువగా ఉంటే ఆ చట్రం వదిలేయండి. పచ్చి తేనెలో నీరు ఎక్కువ, 20 శాతం దాటితే పులుస్తుంది. వ్యాపారి ఎటూ సగం ధరే ఇస్తాడు, అతని తొందర మీకెందుకు? అమ్మే తేనెకి ఆహార భద్రత రిజిస్ట్రేషన్ ఉండాలి. ఏడాది నిండని పిల్లలకి తేనె పెట్టొద్దని కొనేవాళ్ళకి చెప్పండి.

పూత అయిపోయాక, మే నుంచి వానలు తగ్గేదాకా, మేత కరువు. ఉన్న కాస్త తేనెనీ కాపలా కాస్తాయి కాబట్టి ఆ నెలల్లో ఈగలకి కోపం ఎక్కువ. పెట్టెలో పిల్ల ఈగలు పెరిగే గదిలోని తేనె ముట్టుకోవద్దు, చక్కెర పానకం పెట్టండి, సాయంత్రం పొద్దుగూకాకే పెట్టండి. ఒక్క చుక్క బయట ఒలికినా పక్క పెట్టె ఈగలు దోపిడీకొస్తాయి, పెరడంతా రణరంగమవుతుంది.

ఇక వరసగా చెప్పేస్తాను.

ఒంటరిగా పెట్టె తెరవొద్దు. ఫోను జేబులో ఉండాలి, ఛార్జింగుతో.

పీహెచ్‌సీలో అడ్రినలిన్ ఉందో లేదో ఈరోజే వెళ్ళి అడగండి. రాత్రిపూట ఎక్కడ దొరుకుతుందో కూడా కనుక్కోండి.

పెట్టెల ముఖద్వారం దారి వైపు, పశువుల పాక వైపు, కుళాయి వైపు ఉండకూడదు. పెట్టెల దగ్గర పశువుని కట్టేయొద్దు, అది పారిపోలేదు.

ముల్లు కనబడగానే గోటితో గీకేయండి. పట్టకారు వెతుక్కుంటూ నిలబడితే ఆ లోపల విషమంతా దిగుతుంది.

కుట్టిన చోట అరటిపండు లాంటి వాసనొస్తుంది. మిగతా ఈగల్ని పిలిచే వాసన అది. వెంటనే పొగ పట్టండి, పక్కకి రండి.

గుంపుగా పడితే మొహం కప్పుకుని పరుగెత్తండి, గదిలో దూరి తలుపేయండి. చెరువులో దూకొద్దు. చేతులు ఊపొద్దు.

యాభైకి పైగా కుడితే అలర్జీ లేకపోయినా ఆసుపత్రికే. పిల్లలకైతే అంతకన్నా తక్కువకే. ఆ తర్వాత మూత్రం ఎర్రగానో నల్లగానో వస్తే కిడ్నీల మీదికొచ్చినట్టు, ఆ గంటే వెళ్ళండి.

పొగడబ్బా ఎండుగడ్డిలో పెట్టొద్దు. సెంటు రాసుకుని పెట్టె దగ్గరికి రావొద్దు. తాగి అసలే రావొద్దు.

సున్నం, ఇనుము, పసుపు, ఏది రాసుకున్నా సరే, దారిలో రాసుకోండి. ఒళ్ళంతా దద్దుర్లొచ్చాక ఇంట్లో కూర్చుని ఆగి చూడొద్దు. పోయినసారి తగ్గిందని ఈసారి ఆగొద్దు. మీ ఆవిడ "ఏం కాలేదులే" అన్నా ఆగొద్దు.