నిద్రపోయి ఉదయం షిఫ్టుకు ఆలస్యమైనప్పుడు: సూపర్‌వైజర్‌కు చెప్పే క్షమాపణ ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

షిఫ్టు ఉదయం 6 గంటలకు మొదలవుతుంది. మీరు కళ్లు తెరిచేసరికి 6:35 అయింది, ఫోనులో సూపర్‌వైజర్ చేసిన రెండు మిస్డ్ కాల్స్ కనిపిస్తున్నాయి. పోయిన 35 నిమిషాలను ఎవరూ వెనక్కి తేలేరు. కానీ షిఫ్టులు చూసిన కొన్నేళ్లలో నేను గమనించినది ఏమిటంటే, నిద్రపోవడం వల్ల చెడిన దానికంటే, లేచిన తరువాత మాట్లాడిన మొదటి నాలుగు మాటల వల్ల చెడినదే ఎక్కువ. ఆ మాటలు ఎక్కడ తప్పుతాయో కింద రాస్తున్నాను.

సమస్య: క్షమాపణ చెప్పారు, అయినా ఆయన కోపం తగ్గకపోగా పెరిగింది

కారణం చాలాసార్లు క్రియాపదంలో ఉంటుంది. "అలారం మోగలేదు సార్", "మెలకువ రాలేదు", "నిద్ర పట్టేసింది", "లేటయిపోయింది" అని మనం అలవాటుగా అంటాం. ఈ వాక్యాలలో ఎక్కడా మనిషి లేడు. అలారం ఉంది, మెలకువ ఉంది, నిద్ర ఉంది, అన్నీ వాటంతట అవే జరిగిపోయాయి. ఇలా మాట్లాడేవారు అబద్ధమాడాలని అలా అనరు. రోజూ మాట్లాడే తీరే అది. కానీ అరగంటగా ఖాళీ స్థానాన్ని ఎవరితోనో నింపుతూ నిలబడిన వ్యక్తికి మాత్రం, ఇందులో మీ ప్రమేయమేమీ లేదని మీరు చెబుతున్నట్టు వినిపిస్తుంది. ఇంకొందరు "ఇంట్లో ఎవరూ లేపలేదు" అనో, "నిన్న రాత్రి షిఫ్టు ఆలస్యంగా వదిలారు" అనో కలుపుతారు, అప్పుడు నింద నేరుగా మరొకరి మీదికి వెళుతుంది.

పరిష్కారంగా "నేను"తో మొదలుపెట్టి, మీరు చేసిన పనిని మీ క్రియతోనే చెప్పండి: "సార్, నేను నిద్రపోయాను, సమయానికి లేవలేదు. తప్పు నాదే, క్షమించండి." ఫోన్ చేసే ముందు మీ వాక్యాన్ని ఒకసారి మనసులో అనుకుని, అది "అయింది", "పోయింది", "పట్టింది" అని ముగుస్తోందేమో చూసుకోండి. అలా ముగిస్తే దానిని తిప్పి చెప్పాలి. "లేవలేకపోయాను" అన్న మాటలోనూ ఒక చిక్కు ఉంది. అందులో "నేను" ఉన్నట్టే ఉంటుంది గానీ, ప్రయత్నించినా సాధ్యం కాలేదన్న అర్థం కూడా అందులోనే దాగి ఉంటుంది. అలారం ఆపి మళ్లీ పడుకున్న మనిషికి "లేవలేదు" అన్నదే నిజమైన మాట. అలాగే "క్షమించండి" తరువాత "కానీ" రాకూడదు; వస్తే విన్నవారికి గుర్తుండేది దాని తరువాతి భాగమే.

సమస్య: పొడవైన సందేశం పంపారు, జవాబు రాలేదు

సందేశంలో క్షమాపణ ఉండి, ఆయనకు ఆ క్షణంలో కావలసిన సమాచారం లేకపోవడం దీనికి కారణం. ఆ సమయంలో సూపర్‌వైజర్ తేల్చుకోవలసిన విషయం ఒక్కటే: రాత్రి షిఫ్టు వ్యక్తిని ఇంకా ఆపాలా, ఇంకొకరిని పిలవాలా, లేక మీరు వస్తారా. దీనికి తోడు, గాఢనిద్ర నుంచి లేచిన తరువాత ఆ మత్తు వదలడానికి సాధారణంగా అరగంట దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. ఆ స్థితిలో, మంచం మీదనే కూర్చుని కంగారులో టైపు చేసిన పేరాలో మూడుసార్లు క్షమాపణ ఉంటుంది గానీ, వచ్చే సమయం ఒక్కసారైనా ఉండదు.

కాబట్టి ముందు ఫోన్ చేయండి, ఎత్తకపోతేనే అవే మాటలు సందేశంగా పంపండి. పైన చెప్పిన ఉదాహరణనే తీసుకుందాం. లేచినది 6:35, తయారవడానికి 10 నిమిషాలు, ప్రయాణం 25 నిమిషాలు, అంటే లెక్క ప్రకారం 7:10కి చేరాలి. ఆయనకు మాత్రం 7:20 అని చెప్పండి. కంగారులో అందరూ 6:50 అని చెప్పేస్తారు, చివరికి 7:10కి చేరి ఒకే ఉదయం రెండోసారి ఆలస్యమైనవారవుతారు. సంభాషణ ఇంతకంటే పొడవుగా ఉండనవసరం లేదు:

"సార్, నేను నిద్రపోయి సమయానికి లేవలేదు, క్షమించండి. ఇప్పుడే బయలుదేరుతున్నాను, 7:20కి పనిలో ఉంటాను. అంతవరకు నా స్థానంలో ఎవరైనా ఉన్నారా?"

చివరి ప్రశ్నను వదిలేయకండి, ఎందుకంటే మీ ఆలస్యం ఎవరి మీద పడిందో మీకు తెలుసునని చెప్పేది అదే. ఆయన కోపంగా ఏదైనా అంటే "అవును సార్" అని ఊరుకుని బయలుదేరండి. వాహనం నడిపేవారు, యంత్రం మీద పనిచేసేవారు పోయిన ఆ కొద్ది నిమిషాల కోసం మత్తు కళ్లతో పరుగెత్తకూడదు. అవసరమైతే 7:20కి బదులు 7:30 అని చెప్పి, ముఖం కడుక్కుని, పూర్తిగా తేరుకున్న తరువాతే బయలుదేరాలి.

సమస్య: ఆయన "సరే" అన్నారు, కానీ రోజంతా ముభావంగా ఉన్నారు

రెండు కారణాలలో ఏదో ఒకటి ఉండవచ్చు. మొదటిది, మీరు పైవారికి మాత్రమే క్షమాపణ చెప్పారు. మీ కోసం గంటకు పైగా ఆగిపోయిన రాత్రి షిఫ్టు వ్యక్తి సంచి భుజాన వేసుకుని నిలబడి ఉంటే, మీరు ఆయన పక్కనుంచే సూపర్‌వైజర్ గదిలోకి వెళ్లారు. చేరగానే ముందు ఆ వ్యక్తి దగ్గరకు వెళ్లి, "అన్నా, నా వల్ల మీరు ఆగిపోయారు, క్షమించండి, ఇక నేను చూసుకుంటాను" అని పని అప్పగింత తీసుకోండి. సూపర్‌వైజర్‌తో ఎదురుగా చెప్పవలసిన మాటను, పని ఒక దారికి వచ్చాక, ఆయనకు తీరిక దొరికిన మొదటి నిమిషంలో చెప్పండి.

రెండో కారణం క్షమాపణ హద్దు దాటడం. "నేను దేనికీ పనికిరాను సార్, నా బతుకే ఇంత" అని మొదలుపెడితే, తప్పు జరిగిన చోట ఉన్న సూపర్‌వైజరే మిమ్మల్ని ఓదార్చవలసి వస్తుంది. తప్పును తప్పుగా రెండు వాక్యాలలో చెప్పి ఆగడమే మంచిది.

సమస్య: "ఎందుకు లేవలేదు?" అని అడిగారు

అడిగినప్పుడు కారణం చెప్పడం నింద వేయడం కాదు, కాబట్టి దాటవేయనవసరం లేదు. మీరు చేసినదిగానే చెప్పండి: "రాత్రి ఒంటిగంట దాకా మేలుకున్నాను, అలారం ఆపి మళ్లీ పడుకున్నాను." "ఇంకెప్పుడూ జరగదు సార్" అన్న హామీ కంటే, మార్చినదేమిటో చెప్పడం నమ్మకం కలిగిస్తుంది: "ఫోను మంచానికి దూరంగా, గది అవతల పెడుతున్నాను, పది నిమిషాల తరువాత రెండో అలారం కూడా పెట్టాను." అలారం నిజంగానే మోగకపోతే, ఆ వారానికి రిపీట్ పెట్టలేదో, ఉదయానికి బదులు సాయంత్రం సమయం ఎంచుకున్నారో చూడండి. అదీ మీరు పెట్టినదే కాబట్టి "అలారం తప్పుగా పెట్టాను" అనే చెప్పాలి.

రాత్రి 10 గంటలకు ఒక షిఫ్టు ముగించి, తెల్లవారి 6 గంటలకు మరొకటి మొదలుపెట్టవలసి రావడమే అసలు ఇబ్బంది అయితే, దానిని దాచుకోనవసరం లేదు. అయితే ఆ మాట ఆ రోజు ఎత్తితే సాకుగా వినిపిస్తుంది. రెండు మూడు రోజులు ఆగి, సమయానికి వచ్చిన ఒక ఉదయం, "ఈ రెండు షిఫ్టుల మధ్య విరామం కొంచెం పెంచడం వీలవుతుందా సార్?" అని విడిగా అడగండి. చాలినంత పడుకున్నా పగలంతా నిద్ర ముంచుకొస్తుంటే, గట్టిగా గురక పెడుతున్నారని ఇంట్లోవారు అంటుంటే, వైద్యుడిని కలవాలి.

ఇదే తప్పు రెండోసారి జరిగితే మొదటిసారి మాటలే మళ్లీ అప్పచెప్పకండి. ఆయన గుర్తుచేసే ముందే మీరే అనండి: "ఇది రెండోసారి సార్, పోయినసారి చెప్పిన ఏర్పాటును నేను నాలుగు రోజులకే వదిలేశాను."