వాయిదాల ఫోను, ప్లాన్ రద్దు: చివరి బిల్లులో ఏముంటుంది

కొత్త దేశంలో దిగిన మొదటి వారంలోనే చాలామంది ఫోను తీసుకుంటారు. నంబరు లేనిదే బ్యాంకు ఖాతా తెరవనివ్వరు, ఇల్లు అద్దెకు ఇచ్చేవారు మాట్లాడరు. అలాంటి తొందరలో దుకాణంలో ఎవరో "నెలకు 5 మాత్రమే, ప్లాన్ తీసుకుంటే చాలు" అంటారు. సంతకం పెట్టి బయటికి వస్తాం. ఆ 5 ఎలా వచ్చిందో అడిగే ఓపిక ఆ రోజున ఎవరికీ ఉండదు, నాకూ ఉండలేదు. ఏడాది తరువాత కంపెనీ మారాలనుకున్నప్పుడు ఆ లెక్క నేర్చుకున్నాను.

కరెన్సీ ఏదైనా సరే, అంకెలు మాత్రం చూడండి. ఫోను ధర 720. దాన్ని 36 నెలల వాయిదాలుగా విడగొడితే నెలకు 20. దానికి ఎదురుగా కంపెనీ ప్రతి నెలా 15 చొప్పున బిల్లులో తగ్గిస్తుంది. దీన్నే బిల్లు క్రెడిట్ అంటారు. 20 లోంచి 15 పోతే మిగిలేది 5. అంటే ఫోను మీకు 180కే వచ్చినట్టు కనిపిస్తుంది. కానీ కాగితాల ప్రకారం మీ అప్పు 180 కాదు, 720. తక్కిన 540 ఒకేసారి ఇచ్చిన తగ్గింపు కాదు. ప్రతి నెలా మీరు ఆ ప్లాన్‌లో ఉంటే ఆ నెలకు మాత్రమే దొరికేది.

ఇప్పుడు 14 వాయిదాలు కట్టాక రద్దు చేశారనుకోండి. ఇంకా 22 నెలలు ఉన్నాయి, నెలకు 5 చొప్పున 110 కడితే సరిపోతుందనుకుంటాం. బిల్లులో వచ్చేది 440. వాయిదా 20 చొప్పున 22 నెలలకు అంతే అవుతుంది. రావలసిన క్రెడిట్లు 330 ఆ రోజుతో ఆగిపోతాయి. పైగా ఆ 440 ఇక నెలనెలా కట్టేది కాదు, చాలా ఒప్పందాల్లో చివరి బిల్లుతో ఒకేసారి కట్టాలి. ఇది జరిమానా కాదు. అందుకే "ముందుగా రద్దు చేసినా ఎలాంటి రుసుము లేదు" అని దుకాణంలో చెప్పిన మాట అబద్ధం కూడా కాదు. చిక్కంతా అక్కడే ఉంది.

అన్ని ఒప్పందాలూ ఇలాగే ఉండవు. కొన్నిచోట్ల ఫోను ధరను ప్లాన్ రుసుములోనే కలిపేస్తారు. అక్కడ ముందుగా వెళ్లిపోతే రద్దు రుసుము ఉంటుంది, అది నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. కెనడాలో ఇలా ధర తగ్గించి ఇచ్చిన ఫోనుపై రుసుము నెలనెలా సమానంగా తగ్గి, 24 నెలలకల్లా సున్నా కావాలని నిబంధన ఉంది. ఇంకో రకంలో ఫోను మీది కాదు, అద్దెకు తీసుకున్నట్టే. చివర్లో తిరిగి ఇవ్వాలి, లేదా మిగిలిన ధర కట్టాలి. మీది ఏ రకమో తెలుసుకోవడానికి ఒప్పందమంతా చదవనక్కరలేదు. మొన్నటి బిల్లు తీయండి. ఫోను వాయిదా ఒక వరుసలోనూ, దాని కిందే మైనస్ గుర్తుతో క్రెడిట్ ఇంకో వరుసలోనూ కనిపిస్తే పైన చెప్పిన లెక్కే మీది. వాయిదా పక్కన "14/36" లాంటి అంకె ఉంటే ఎన్ని మిగిలాయో కూడా తెలిసిపోతుంది.

440 చూసి గుండె ఆగినంత పనై, "సరే, ఉండిపోదాం" అనుకోవడం సహజం. దానికీ లెక్క వేయండి. మీ ప్లాన్ నెలకు 40 అయితే ఫోనుతో కలిపి 45, 22 నెలలకు 990. బయటి కంపెనీలో 20కి ప్లాన్ దొరికితే 22 నెలలకు 440, పాత ఫోను బాకీ 440, మొత్తం 880. అంత బాకీ కట్టి వెళ్లినా 110 మిగులుతుంది. అయితే మూడో దారి ఒకటి ఉంది, దాన్ని చాలామంది అడగరు. అదే కంపెనీలో క్రెడిట్ పోకుండా దిగగలిగే చిన్న ప్లాన్ ఉందా అని అడగాలి. అది 30కి ఉంటే ఫోనుతో 35, 22 నెలలకు 770. అన్నిటికన్నా ఇదే చవక. కాకపోతే కొన్ని ఆఫర్లు పెద్ద ప్లాన్‌కే కట్టుబడి ఉంటాయి, దిగితే క్రెడిట్ ఆగిపోతుంది. అందుకే ప్లాన్ మార్చే ముందే అడగాలి, మార్చిన తరువాత కాదు.

మిగిలిన బాకీ ముందే కట్టేసి తరువాత తీరిగ్గా వెళ్దామనుకునేవారు కూడా ఆగి చూడాలి. కొన్ని కంపెనీల్లో అప్పు తీరిన నెల నుంచే క్రెడిట్లు ఆగిపోతాయి, కొన్నింటిలో లైను ఉన్నంతకాలం వస్తూనే ఉంటాయి. అప్పు తీర్చడం మంచి పనే, ఇక్కడ మాత్రం అది 330 నష్టం కావచ్చు.

అడగడం ఎలాగంటే, ఫోను చేయకుండా చాట్‌లో అడగండి, జవాబు రాతలో ఉంటుంది. "ఈ రోజు లైను మూసేస్తే ఫోను బాకీ ఎంత, అది ఒకేసారి కట్టాలా, ప్లాన్ రుసుము ఏ తేదీ వరకు పడుతుంది?" ఈ ఒక్క ప్రశ్న చాలు. మూడో భాగం ఎందుకంటే, చాలా కంపెనీలు ప్లాన్ రుసుము ముందుగానే వసూలు చేస్తాయి, నెల మధ్యలో వెళ్లినా తిరిగి ఇవ్వవు. బిల్లు 5న మొదలై మీరు 9న రద్దు చేస్తే నాలుగు రోజులకు 40 పోయినట్టే. మొదట్లో ఆ దేశంలో అప్పులు కట్టిన రికార్డు, అంటే క్రెడిట్ చరిత్ర, లేదని డిపాజిట్ కట్టించుకుని ఉంటే, దాన్ని చివరి బిల్లులో సర్దుతారా, విడిగా పంపుతారా అని కూడా అడగండి.

నంబరు మీతో రావాలంటే వరుస తప్పకూడదు. పాత కంపెనీలో ముందు రద్దు చేయకండి. కొత్త కంపెనీలో పోర్టింగ్ పెట్టండి. నంబరు అటు వెళ్లగానే పాత లైను దానంతటదే మూతపడుతుంది. ముందే రద్దు చేస్తే నంబరు పోవచ్చు, దానితోపాటు బ్యాంకు ఓటీపీలు వచ్చే దారి కూడా. ఇంకో మాట, వాయిదాలు మిగిలిన ఫోను కొన్ని దేశాల్లో కంపెనీకి లాక్ అయి ఉంటుంది. అలాంటి చోట తరచు బాకీ తీరాకే అన్‌లాక్ చేస్తారు, అదీ ఒక్కోసారి కొన్ని రోజులకు. అప్పటిదాకా కొత్త సిమ్ ఆ ఫోనులో పనిచేయకపోవచ్చు. అన్‌లాక్ అడిగేటప్పుడు ఫోనును గుర్తించే ఐఎంఈఐ నంబరు కావాలి. *#06# నొక్కితే తెరపై వస్తుంది.

దేశం విడిచి వెళ్లేవారు చేసే పొరపాటు సిమ్ తీసేసి, బ్యాంకు కార్డు మూసేసి విమానమెక్కడం. సిమ్ తీసినంత మాత్రాన లైను మూతపడదు, ప్లాన్ నడుస్తూనే ఉంటుంది. కార్డు పనిచేయక బిల్లు తిరిగొస్తే ఆలస్య రుసుములు చేరి, ఆ బాకీ వసూలు సంస్థ చేతికి వెళ్లవచ్చు. నా స్నేహితుడొకరు ఇలాగే వెళ్లిపోయి, రెండేళ్ల తరువాత అదే దేశంలో ఉద్యోగంతో తిరిగొచ్చి ఇల్లు అడిగితే, ఆ పాత ఫోను బాకీ అతని క్రెడిట్ నివేదికలో మొదటి వరుసలో కూర్చుని ఉంది. బ్యాంకు ఖాతా చివరి బిల్లు వచ్చి, కట్టి, అది సున్నా అయ్యాక మూయండి.

చివరి బిల్లు తరచు రద్దు తరువాత వచ్చే బిల్లు తేదీకి గానీ తయారు కాదు. ఆలోగా పాత నంబరుతో లాగిన్ పనిచేయడం మానేయవచ్చు, ఓటీపీ ఆ నంబరుకే వెళుతుంది కదా. కాబట్టి రద్దుకు ముందే ఖాతాలో ఈమెయిలు చిరునామా సరిచూసుకోండి, ఖాతా నంబరు రాసి పెట్టుకోండి, పాత బిల్లులన్నీ దించుకోండి. బాకీ సున్నా అయిందని చెప్పే లేఖ అడిగి, దాన్ని వాటి పక్కనే భద్రపరచండి.