మిట్టమధ్యాహ్నం పోర్ట్రెయిట్: రా ఎంతవరకు ఆదుకుంటుంది?

మిట్టమధ్యాహ్నం ఎండలో పెళ్లికూతురిని ఫొటో తీస్తే నుదురు తెల్లగా పాలిపోతుంది, జడ నల్లముద్దలా పడుతుంది. సెన్సర్ పట్టిన సమాచారాన్ని కుదించకుండా దాచే రా ఫైల్‌లో హైలైట్స్ తగ్గిస్తే సుమారు 1 స్టాప్ వరకు, అంటే వెలుతురు రెట్టింపు పడ్డా, చర్మం రంగు తిరిగొస్తుంది. జేపెగ్‌లో తెల్లబడ్డ చోట ఇక ఏమీ ఉండదు, లాగితే బూడిదరంగు మచ్చ మిగులుతుంది. నీడల్లో రా ఇంకా నయం. తక్కువ ఐఎస్ఓలో తీస్తే 3 స్టాపులు పెంచినా జడపాయలు విడివిడిగా కనిపిస్తాయి. జేపెగ్‌లో 1 స్టాప్ దాటితే మరకలు మొదలవుతాయి.

అందుకే ఎక్స్‌పోజర్ నుదుటిని బట్టి పెట్టుకోండి, జడ సంగతి తర్వాత. తెల్లబడ్డ చోట కెమెరా తెర మీద మిణుకుమనే హెచ్చరిక జేపెగ్ ప్రివ్యూ లెక్కన వస్తుంది. రాలో తీస్తున్నప్పుడు ముక్కు కొన మీద చుక్కంత మిణుకుమంటే టెన్షన్ అక్కర్లేదు. నుదురంతా మిణుకుమంటే మాత్రం ఎక్స్‌పోజర్ 2/3 స్టాప్ తగ్గించి మళ్లీ తీయండి.